కిరాయి నోటీసులో 'భూస్వామి' ఎవరు, 'కౌలుదారు' ఎవరు?

సందేహం: నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాద్‌లో నా పేరున తీసుకున్న ఫ్లాటులో మా అమ్మానాన్నలు ఉంటారు. ఇద్దరూ నల్లగొండ జిల్లా పల్లెలో వ్యవసాయం చేసినవారు. ఓనరు ఇంగ్లిషులో పంపిన కిరాయి పెంపు నోటీసును నిఘంటువు ముందు పెట్టుకుని ఇలా తెలుగు చేశాను: 'భూస్వామి తన ఇతర హక్కులకు పక్షపాతం లేకుండా కౌలుదారునకు తెలియజేయునది ఏమనగా, సదరు ఆవరణకు కౌలు 10 శాతం పెంచబడును...' అది చదివి మా నాన్న "మనం ఎవరి పొలం కౌలుకు పట్టినం రా?" అన్నారు. ప్రతి షరతూ వారికి అర్థమయ్యేలా ఎలా రాయాలి? నోటీసు ప్రతి జతచేశాను.

సమాధానం: మీ నాన్నగారు అడిగినది సరైన ప్రశ్న. ఇంగ్లిషులో పొలం ఇచ్చినవారికీ ఇల్లు ఇచ్చినవారికీ 'ల్యాండ్‌లార్డ్' అన్న ఒకే మాట ఉంది. తెలుగులో ఆ రెండూ వేర్వేరు. భూస్వామి అంటే ఎకరాల కొద్దీ పొలం ఉన్నవాడు, కౌలుదారు అంటే ఆ పొలం సాగు చేసి ఏటా కౌలు చెల్లించేవాడు. ఇంటి విషయంలో ఇంటి యజమాని లేదా ఓనరు అనాలి. అద్దె, కిరాయి రెండూ ఒకటే కాబట్టి మీ ఇంట్లో ఏది వాడుకలో ఉంటే దానినే మొదటి నుంచి చివరి దాకా వాడండి. ఒక వాక్యంలో కిరాయి, మరో వాక్యంలో అద్దె అని రాస్తే, చట్టం కాగితంలో మాట మారితే అర్థం కూడా మారిందేమోనని చదివేవారు అనుమానపడతారు. 'ఆవరణ' అంటే ప్రహరీ లోపలి ఖాళీ స్థలం స్ఫురిస్తుంది కాబట్టి, ఫ్లాటు అని చెప్పి దాని నంబరు వేయండి.

'పక్షపాతం లేకుండా' అన్నది మీ అనువాదంలోని పెద్ద పొరపాటు. 'ప్రెజుడిస్' అన్న మాటకు మామూలు వాడుకలో దురభిప్రాయం అన్న అర్థం ఉన్నా, న్యాయ పరిభాషలో 'వితౌట్ ప్రెజుడిస్ టు' అంటే ఫలానా హక్కుకు భంగం కలగకుండా అని అర్థం. 'ఈ నోటీసు ఇచ్చినంత మాత్రాన ఓనరుకు అగ్రిమెంటు ప్రకారం ఉన్న మిగతా హక్కులు పోవు' అని రాస్తే సరిపోతుంది. ఇది బెదిరింపు కాదనీ, నోటీసుల్లో ఆనవాయితీగా ఉండే వాక్యమేననీ పక్కన ఒక మాట చెప్పడం మంచిది. నోటీసు అన్న మాట వినగానే కోర్టు గుర్తుకు వచ్చే పెద్దవారు మన ఇళ్లలో తక్కువేమీ కాదు.

ఇక అంకెల దగ్గర తెలుగు విభక్తి చాలా జాగ్రత్త కోరుతుంది. 'కిరాయి 1,800 పెంచారు' అంటే పెరిగిన భాగం అంత. '1,800కి పెంచారు' అంటే మొత్తం కిరాయి అంత. ఒక్క 'కి' వల్ల లెక్క తారుమారవుతుంది. అందుచేత శాతాన్ని మాత్రమే ఇచ్చి ఊరుకోకుండా మూడు అంకెలూ రాయండి: ఇప్పటి కిరాయి 18,000 రూపాయలు, పెంపు 1,800, ఏప్రిల్ 1 నుంచి కిరాయి 19,800. మెయింటెనెన్స్ 2,500 ఇందులో కలవదనీ, ఎప్పటిలాగే విడిగా కట్టాలనీ స్పష్టంగా చెప్పాలి. అడ్వాన్సు సంగతి కూడా ఇలాంటిదే. 'అడ్వాన్సు రెండు నెలల కొత్త కిరాయికి పెరుగుతుంది' అని మాత్రమే రాస్తే మరో 39,600 కట్టాలని భయపడతారు. ఇదివరకు ఇచ్చిన 36,000 ఓనరు దగ్గరే ఉంది కాబట్టి ఇప్పుడు ఇవ్వవలసింది 3,600 మాత్రమే.

'ఆన్ ఆర్ బిఫోర్' అన్నదానికి '5వ తేదీలోపు' అని మీరు రాసినది తప్పు కాదు గానీ చాలదు. 5వ తేదీ అందులో కలుస్తుందా లేదా అన్న విషయంలో తెలుగువారందరూ ఒకేలా అనుకోరు. '5వ తేదీ కూడా కలిపి, ఆ రోజు ముగిసేలోగా' అనండి. ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలని నోటీసులో ఉంది కాబట్టి, 8వ తేదీన కడితే మూడు రోజులకు 300 అని ఉదాహరణ చేర్చండి. ఖాళీ చేసేందుకు ఇవ్వవలసిన వ్యవధి దగ్గర 'నెల రోజులు' అనకండి. నోటీసు చెప్పినది 30 రోజులు. మన వాడుకలో నెల అంటే ఒకసారి తేదీ నుంచి తేదీకి లెక్క, ఒకసారి ఉజ్జాయింపు.

మీ అనువాదంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి క్రియలు. 'ఓనరు బకాయిని అడ్వాన్సు నుంచి మినహాయించవచ్చు' అని రాశారు. తెలుగులో 'వచ్చు' అనుమతినీ చెబుతుంది, సంభావ్యతనూ చెబుతుంది. 'రేపు వాన రావచ్చు' అన్నప్పటి 'వచ్చు' లాగానే మీ అమ్మగారు దీన్ని చదివితే, మినహాయిస్తారో లేదో అనుకుంటారు. అక్కడ ఉన్నది సందేహం కాదు, హక్కు. 'మినహాయించుకునే హక్కు ఓనరుకు ఉంది' అని రాయాలి. అలాగే 'చెల్లింపబడవలెను' అన్నచోట ఎవరు చెల్లించాలో తెలియదు. తెలుగు వాక్యానికి కర్తను ముందు నిలబెట్టి 'మీ అబ్బాయి చెల్లించాలి' అంటే చాలు. నోటీసులోని 'మీరు' అన్న పిలుపు అగ్రిమెంటు చేసుకున్న మీకు వర్తిస్తుంది. దాన్ని అలాగే ఉంచితే మీ తల్లిదండ్రులు తమనే అన్నారనుకుంటారు.

ఈ కర్త లోపం ప్రమాదంగా మారేది 'డీమ్డ్' అన్న మాట దగ్గర. 'మార్చి 15లోగా అభ్యంతరం తెలుపని పక్షంలో అంగీకరించినట్లు భావించబడును' అన్న మీ వాక్యం చదివి, జవాబు ఇవ్వకపోతే విషయం అక్కడితో ఆగిపోయిందని అనుకునే వీలుంది. నోటీసు చెబుతున్నది దానికి విరుద్ధం. దాన్ని ఇలా విడదీయండి:

'ఈ పెంపు ఇష్టం లేకపోతే మీ అబ్బాయి ఆ సంగతి కాగితం మీద రాసి, మార్చి 15 కూడా కలిపి ఆ లోగా, ఓనరుకు అందజేయాలి. నోటితో చెబితే చాలదు. అలా రాసి ఇవ్వకపోతే, నిజంగా ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒప్పుకున్నట్టే ఓనరు లెక్కవేస్తారు.'

ఇలా మౌనంగా ఉండడం చట్టం ముందు అంగీకారమవుతుందా, అగ్రిమెంటు గడువు ముగియకముందే కిరాయి పెంచవచ్చా అన్నవి అగ్రిమెంటు చూపి వకీలును అడగవలసిన ప్రశ్నలు. అనువాదకుడు షరతును మెత్తబరచకూడదు, తన తీర్పును అందులో కలపకూడదు. మీ వివరణలను వేరే రంగు సిరాతో గానీ అంచున గానీ రాస్తే, ఓనరు అన్నదేదో మీరు అన్నదేదో వారికి తెలుస్తుంది.

రాయడం పూర్తయ్యాక ఫోనులో నాన్నగారికి చదివి వినిపించి, "అర్థమైందా" అని కాకుండా, "మే నెల కిరాయి 7వ తేదీన కడితే మొత్తం ఎంత ఇవ్వాలి?" అని అడగండి. కిరాయి 19,800, మెయింటెనెన్స్ 2,500, రెండు రోజుల ఆలస్యానికి 200 కలిపి 22,500 అని ఆయన చెప్పకపోతే, మీరు మళ్లీ రాయవలసిన వాక్యం ఏదో అక్కడే తెలిసిపోతుంది.