మీ ఆక్షేపణ ఏ వాక్యానికి తగులుతోంది?

ప్రశ్న: ఫిలాసఫీ పేపర్ కోసం 1500 పదాల వ్యాసం రాయాలి. ఒక వాదనను మన మాటల్లో నిలబెట్టాలి, దానిమీద ఒక ఆక్షేపణ లేవనెత్తాలి, ఆ ఆక్షేపణకి జవాబు చెప్పి ఆ జవాబును సమర్థించాలి. సారాంశం రాయగలను, నా అభిప్రాయం చెప్పగలను. కానీ ఈ మూడూ ఒకే వ్యాసంలో ఎలా అతుకుతాయో అర్థం కావడం లేదు. ఎవరైనా రాసినవాళ్లు చెప్తారా?

జవాబు:

నేను రాసిన ఇలాంటి మొదటి వ్యాసం దిద్దుబాటు తర్వాత తిరిగొచ్చినప్పుడు, మార్జిన్‌లో ఒకటే ప్రశ్న మూడు చోట్ల కనిపించింది: "ఇది ఏ వాక్యానికి తగులుతోంది?" మార్కులు తక్కువొచ్చాయని రెండు రోజులు ఉడుక్కున్నాను గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీరు అడిగిన అతుకు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. అందుకే ఆ వ్యాసాన్నే విప్పి చూపిస్తాను.

విషయం చావు గురించి ఎపిక్యూరస్ చేసిన వాదన. క్రీస్తుపూర్వం 4-3 శతాబ్దాల గ్రీకు తత్వవేత్త. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేం, కాబట్టి అది మనకు ఏమీ కాదు అంటాడు. నేను దీన్ని ఒక పేజీ సారాంశంగా రాసి, వెంటనే "కానీ మనుషులందరూ చావుకి భయపడతారు కదా" అని ఆక్షేపించాను. మొదటి ప్రశ్న పడింది అక్కడే. మనుషులు భయపడరని ఆయన ఎక్కడా అనలేదు. భయపడుతున్నారు కాబట్టే, ఆ భయానికి ఆధారం లేదని చూపించబోయాడు. నా ఆక్షేపణ ఆయన పక్కనుంచి వెళ్లిపోయింది.

రెండోసారి రాసినప్పుడు సారాంశం పక్కన పెట్టి, వాదనను విడి వాక్యాలుగా, నంబర్లు వేసి రాసుకున్నాను.

1. ఒకరికి ఏదైనా చెడు అవ్వాలంటే అది వాళ్ల అనుభవంలోకి రావాలి.
2. చనిపోయినవాళ్లకి ఏ అనుభవమూ ఉండదు.
3. కాబట్టి చనిపోయి ఉండటం చనిపోయినవాళ్లకి చెడు కాదు.

చూడటానికి మూడు ముక్కలే గానీ నాకు ఒక సాయంత్రం పట్టింది. మొదట మూడో వాక్యాన్ని "చావు చెడు కాదు" అని రాశాను. అలా రాస్తే ఎవరైనా "ప్రాణం పోయేటప్పటి నొప్పి మాటేమిటి, ఇంట్లోవాళ్ల దుఃఖం మాటేమిటి" అని రెండు ముక్కల్లో కొట్టేస్తారు. ఆయన మాట్లాడుతున్నది చనిపోయే ప్రక్రియ గురించి కాదు, మిగిలినవాళ్ల గురించీ కాదు. అందుకే "చనిపోయి ఉండటం", "చనిపోయినవాళ్లకి" అన్న మాటలు చేర్చాల్సి వచ్చింది. ఎదుటివాడి వాదనను సులువుగా కూలేలా నిలబెడితే దాన్ని కూల్చినా మీకు దక్కేదేమీ లేదు. (మన శాస్త్రగ్రంథాల్లో ఎదుటివాళ్ల వాదనను, అంటే పూర్వపక్షాన్ని, అంత ఓపిగ్గా ఎందుకు చెప్తారో నాకు అప్పుడే అర్థమైంది.) ఇంకో పరీక్ష ఉంది: 1, 2 ఒప్పుకున్నవాళ్లు 3 ఒప్పుకోక తప్పదా అని చూడండి. తప్పించుకునే దారి ఉంటే ఎక్కడో ఒక ప్రెమిస్, అంటే ముగింపుకి ఆధారంగా నిలిచే వాక్యం, రాయకుండా వదిలేశారన్నమాట.

ఇప్పుడు ఆక్షేపణ. నంబర్లున్నాయి కాబట్టి వేలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. 3 నచ్చలేదనడం ఆక్షేపణ కాదు. 1 గానీ 2 గానీ తప్పని చూపాలి, లేదా వాటి నుంచి 3 రాదని చూపాలి. నేను 1 మీద పెట్టాను. ఒకామె ప్రాణస్నేహితురాలు ఆమె వెనకాల ఆమెను ఎగతాళి చేస్తూ, ఆమె నమ్మి చెప్పిన రహస్యాలన్నీ ఊరంతా పంచుతోంది అనుకోండి. ఆమెకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, రోజులు హాయిగానే గడుస్తాయి. అయినా ఆమెకి చెడు జరిగిందనే మనలో చాలామంది అంటాం. అంటే అనుభవంలోకి రాని చెడు కూడా ఉంటుంది, కాబట్టి 1 తప్పు. (ఈ రకం ఉదాహరణ నా సొంతం కాదు, అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ 1970లో ఇదే విషయంమీద రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. మీరూ అరువు తెచ్చుకుంటే ఎవరిదో చెప్పండి.) ఇలాంటి ఆక్షేపణలు ఐదు పోగేయకండి. నా మొదటి వ్యాసంలో నాలుగున్నాయి, ఒక్కోదానికి మూడేసి వాక్యాలు, ఒక్కటీ పండలేదు.

ఆ తర్వాత జవాబు. చాలామంది వ్యాసాలు చతికిలబడేది ఇక్కడే. మొదటిసారి నేను చేసింది "ఎపిక్యూరస్ ప్రకారం చెడు అంటే అనుభవమే, కాబట్టి ఆమెకి చెడు జరగలేదు" అని 1నే మళ్లీ చెప్పడం. అది జవాబు కాదు, చెవులు మూసుకోవడం. రెండోసారి ఎపిక్యూరస్ తరఫున 1ని కొంచెం సవరించాను: ఒకరికి ఏదైనా చెడు అవ్వాలంటే, అది వాళ్ల అనుభవంలోకి రాగలిగేదైనా అయి ఉండాలి. మోసపోయినామె బతికే ఉంది, రేపు ఎవరో చెప్పొచ్చు, ఆమె కుమిలిపోవచ్చు. చనిపోయినవాళ్లకి ఆ అవకాశమే లేదు. కాబట్టి ఆమె విషయంలో చెడు ఉందని ఒప్పుకున్నా, సవరించిన 1 నుంచి 3 అలాగే వస్తుంది.

బాగుంది కదా అని ఆగిపోతే, చదివేవాళ్లకి వెంటనే ఒక అనుమానం వస్తుంది: ఆక్షేపణ నుంచి తప్పించుకోవడానికే ఈ సవరణ అతికించావు కదా? మీ ప్రశ్నలోని "సమర్థించాలి" అన్న మాట అడుగుతున్నది దీని గురించే. సవరణకి ఆ ఆక్షేపణతో సంబంధం లేని కారణం ఒకటి కావాలి. నేను ఇచ్చింది ఇది: రాయిని పగలగొడితే రాయికి చెడు జరిగిందని అనం, ఎందుకంటే ఏదైనా బాధగా తగలడానికి అక్కడ ఎవరూ లేరు. చావు ఊసు లేకుండానే, అనుభవించే శక్తి ఉన్నచోటే చెడుకి చోటుందని ఇది సూచిస్తుంది.

దీనికీ ఎదురుదెబ్బ ఉంది. ఆ స్నేహితురాలూ, విన్నవాళ్లందరూ నోరు విప్పకుండానే పోయారు, ఇక ఆమెకి తెలిసే దారే లేదు అనుకుంటే? అప్పుడు "రాగలిగేది" అన్న మాటకి అర్థం ఏమిటి? నిజంగా తెలిసే దారి ఉండాలా, తెలుసుకోగల మనిషి ఉంటే చాలా? నేను రెండోదాన్ని పట్టుకున్నాను. దానివల్ల నా జవాబు కొంత పలచబడిందని ఆ పేరాలోనే ఒప్పుకున్నాను. దాచి ఉంటే మార్జిన్‌లో ఇంకో ప్రశ్న పడేది.

పదాల లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నా: 1500లో వాదనకి 400, ఆక్షేపణకి 300, జవాబుకీ దాని సమర్థనకీ కలిపి 600 దాకా ఇచ్చాను, మిగిలింది మొదలుకీ చివరకీ. ఇది రూలేమీ కాదు. కాకపోతే జవాబు భాగం వాదన భాగం కంటే చిన్నదైతే, మీరింకా సారాంశమే రాస్తున్నారని అనుమానించండి.

మొదటి పేరా మాత్రం అన్నిటికన్నా చివర రాయండి. ముందే రాసుకున్నప్పుడు నా వాక్యం "చావు చెడు కాదని ఈ వ్యాసంలో నిరూపిస్తాను" అని ఉండేది. జవాబు రాయడం అయ్యాక చూస్తే నేను నిరూపించింది అంత లేదు. దాన్ని కొట్టేసి ఇలా మార్చాను: "తెలియకుండా జరిగే మోసం ఉదాహరణ ఒక్కటే ఎపిక్యూరస్ వాదనను పడగొట్టడానికి చాలదని ఈ వ్యాసంలో వాదిస్తాను."