జూనియర్‌కి లింక్డిన్‌లో రికమండేషన్ రాస్తే మనకేం ఒరుగుతుంది?

ప్రశ్న: పైడిభీమవరంలో ఓ ఫార్మా కంపెనీ క్యూసీలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను, మాది రాజాం పక్క. జూనియర్లు హైదరాబాద్ కంపెనీలకి అప్లై చేస్తూ "అన్నా, లింక్డిన్‌లో నాకో రికమండేషన్ రాయవా" అంటన్నారు. ఈ నెల్లోనే నలుగురు అడిగారు. రాస్తే నాకేటైనా పనికొస్తదా, అందరికీ రాసేసి ఉన్న పేరు పోగొట్టుకుంటానా? అసలు ఏటి రాయాలి?

జవాబు:

పనికొస్తుంది. కాకపోతే ఇద్దరికి రాయండి, నలుగురికీ వద్దు. ఎందుకో తెలియాలంటే మీరు రాసింది ఎక్కడ కనపడుతుందో ముందు చూడాలి.

ఆ అమ్మాయో అబ్బాయో దాన్ని తన ప్రొఫైల్‌కి చేర్చుకున్నాక, రాసిన మాటల పక్కనే మీ ఫోటో, పేరు, హెడ్‌లైన్, మీరిద్దరూ ఏ హోదాల్లో కలిసి పనిచేశారో ఆ వరుస, రాసిన తేదీ వస్తాయి. మీ పేరు నొక్కితే నేరుగా మీ ప్రొఫైల్‌కి వెళ్తుంది. అదే రాత మీ ప్రొఫైల్‌లో `Given` ట్యాబ్ కింద కూడా చేరుతుంది. అంటే హైదరాబాద్‌లో ఓ క్యూసీ హెడ్ మీ జూనియర్ ప్రొఫైల్ తెరిస్తే, మీరు ఏ ఉద్యోగానికీ అప్లై చేయకుండానే ఆయన ముందుకి వెళ్లినట్టు. అక్కడ ఆయన జూనియర్ ఒక్కరినే తూచడు, ఈ రాసినాయనకి పని తెలుసా లేదా అని కూడా చూస్తాడు. కనపడటం అంటే అదే. లైకులు వచ్చిపడతాయని ఆశ పెట్టుకోకండి.

అందుకే రాసేముందు మీ హెడ్‌లైన్ సరిచేసుకోండి. చాలామందికి అక్కడ హోదా, కంపెనీ పేరు మాత్రమే ఉంటాయి. 220 అక్షరాల దాకా చోటిస్తారు. "క్యూసీ, ఏపీఐ, హెచ్‌పీఎల్‌సీ రివ్యూ" అని ఉంటే చదివేవాడికి మీరెవరో ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఇక రాత సంగతి. మామూలుగా కనపడేది ఇలా ఉంటుంది: "చాలా కష్టపడే మనిషి. టీమ్‌తో బాగా కలిసిపోతారు. ఏ సంస్థకైనా ఆస్తి." ఇందులో పేరు మార్చి క్యాంటీన్ కాంట్రాక్టరుకి పెట్టినా సరిపోతుంది. దీనివల్ల జూనియర్‌కి నష్టం లేదు, లాభమూ లేదు. మీకు మాత్రం కాస్త నష్టమే. ఎనిమిదేళ్లు క్యూసీలో ఉండి ఒక మనిషి గురించి ఇంతకన్నా చెప్పలేకపోయాడా అనిపిస్తుంది.

అడిగినవాళ్లని ముందు మూడు సంగతులు వాట్సాప్‌లో పంపమనండి: ఏ నెల నుంచి ఏ నెల దాకా మీ దగ్గర చేశారు, ఏయే పరీక్షలు సొంతంగా చేశారు, ఇప్పుడు ఏ పోస్టుకి వెళ్తున్నారు. అవి చూసుకుని మీరు కళ్లారా చూసిన ఒక్క అలవాటు పట్టుకోండి. రెండేళ్లు మీ షిఫ్టులో చేసిన ఓ కెమిస్ట్ అనుకుంటే ఇలా రాయొచ్చు:

> 2022 జూన్ నుంచి 2024 ఆగస్టు వరకు ఈమె నా షిఫ్టులో పనిచేశారు. పని అప్పజెప్పిందీ, రికార్డులు రివ్యూ చేసిందీ నేనే. మొదట ముడిసరుకు మీద టైట్రేషన్లు, కార్ల్ ఫిషర్ చేశారు. తర్వాత హెచ్‌పీఎల్‌సీలో అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ సొంతంగా చేశారు. సిస్టమ్ సూటబిలిటీలో టెయిలింగ్ హద్దులోనే ఉన్నా, ముందురోజు కన్నా పెరిగిందనిపిస్తే ఆగి బఫర్ పీహెచ్, కాలమ్ వాడకం లాగ్ చూసి, నాకు చెప్పాకే శాంపిళ్లు మొదలుపెట్టేవారు. చూసింది చూసినప్పుడే నోట్‌బుక్‌లో రాసేవారు. మెథడ్ వాలిడేషన్‌లో సహాయం చేశారు, ప్రోటోకాల్ సొంతంగా రాయలేదు. రొటీన్ హెచ్‌పీఎల్‌సీకి మళ్లీ నా షిఫ్టులోకి తీసుకోమంటే వెంటనే తీసుకుంటాను.

పనిచేసేది ఆ టెయిలింగ్ వాక్యం. హద్దు 2.0 అనుకోండి, నిన్న 1.2 ఉన్నది ఇవాళ 1.7 వచ్చింది. కాగితం మీద పాస్. కానీ బఫర్ పీహెచ్ తేడాగా కలిపి ఉండొచ్చు, కాలమ్ అరిగిపోయి ఉండొచ్చు. సీక్వెన్స్ సగంలో అది హద్దు దాటితే రాత్రి షిఫ్టంతా వృథా, పైగా ఇన్వెస్టిగేషన్ రాసుకోవాలి. ఇది అనుభవించిన క్యూసీ హెడ్‌కి ఆ ఒక్క వాక్యంతో ఇద్దరి గురించీ తెలిసిపోతుంది: ఆ అమ్మాయి ఎలా పనిచేస్తుందో, మీరు రికార్డుని ఎంత దగ్గరగా చూస్తారో.

ప్రోటోకాల్ రాయలేదన్న వాక్యం చూసి "అదెందుకన్నా" అంటారు. మిగతా మాటల్ని నమ్మించేది అదే. అయితే అది వాళ్ల ప్రొఫైల్‌లో అందరూ చదివే చోట ఉంటుంది కాబట్టి, పంపే ముందు వాళ్లకి చూపించండి. వాలిడేషన్ పోస్టుకే వెళ్తుంటే ఆ వాక్యం తీసేయండి, చేసిన సహాయం ఏమిటో మాత్రం రాయండి. లేని అనుభవం ఉన్నట్టు మాత్రం రాయొద్దు.

మన రంగంలో పొగడ్తే ఎదురు తిరిగే చోట్లు ఉన్నాయి. "సరైన ఫలితం వచ్చేదాకా వదలరు, ఎన్నిసార్లైనా మళ్లీ ఇంజెక్ట్ చేస్తారు" అని ప్రేమగా రాస్తే, చదివే క్యూసీ హెడ్ గుండె ఆగినంత పనవుతుంది. ఫెయిలైన శాంపిల్‌ని కారణం వెతక్కుండా పాసయ్యేదాకా పరీక్షించడం కుదరదని అమెరికా కోర్టు 1993లోనే బార్ లేబొరేటరీస్ కేసులో తేల్చింది, ఓఓఎస్, అంటే హద్దు దాటిన ఫలితాల మీద ఎఫ్‌డీఏ మార్గదర్శకం నడిచేదీ ఆ దారిలోనే. "ఆదివారం కూడా వచ్చి పెండింగ్ రికార్డులన్నీ పూర్తి చేస్తారు" అన్నదీ అలాంటిదే. పని జరిగినప్పుడు రాయాల్సింది తర్వాత కూర్చుని నింపారని దానర్థం. ఇలాంటివి రాస్తే మచ్చ జూనియర్ మీద కన్నా, రివ్యూయర్‌గా సంతకం పెట్టిన మీమీదే ఎక్కువ పడుతుంది.

ఇంకోటి, "ఏడాదిలో 14 ఓఓఎస్‌లు క్లోజ్ చేశారు" లాంటి అంకెలు వద్దు. మీకది ఆ పిల్ల సామర్థ్యం, కస్టమర్‌కి మాత్రం మీ ప్లాంటులో 14 ఫెయిల్యూర్లు. ఉత్పత్తి పేరు, కస్టమర్ పేరు, ఆడిట్‌లో ఏమడిగారు, ఇవేవీ రాయకూడదు. చెప్పాలంటే పరికరం పేరు, పరీక్ష పేరు, మనిషి అలవాటు, అంతే. మీ కంపెనీకి సోషల్ మీడియా పాలసీ ఉందేమో హెచ్‌ఆర్‌ని ఒకసారి అడగండి. కొన్నిచోట్ల ఉద్యోగుల గురించి బయట రాయడానికి ఒప్పుకోరు.

ఎక్కించడం తేలికే. మీ కనెక్షన్లలో ఉన్నవాళ్లకే రాయగలరు. వాళ్ల ప్రొఫైల్‌లో `More` నొక్కి `Recommend` ఎంచుకుంటే ముందు సంబంధం అడుగుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మీరు నేరుగా మేనేజరు కాకపోతే మేనేజర్నని పెట్టకండి. సీనియర్‌ని, కానీ నేరుగా పర్యవేక్షించలేదు అనే వరుస కూడా ఉంటుంది, అది పెట్టొచ్చు. రాతకి 3,000 అక్షరాల దాకా చోటుంది గానీ 900 దాటించొద్దు. పొడుగు రాత మొదటి రెండు మూడు లైన్లే కనపడి మిగతాది మడతపడుతుంది, అందుకే పై నమూనాలో కాలం, సంబంధం మొదటే పెట్టాను. ఇంగ్లీషులో రాయండి, చదివే హెచ్‌ఆర్‌కి తెలుగు రాకపోవచ్చు.

ఆ తర్వాత ఫోన్ వస్తుంది. పైడిభీమవరం, పరవాడ, జీడిమెట్ల, పాశమైలారం, ఎటు చూసినా మనవాళ్లే, మీ నంబరు దొరకడం ఎంతసేపు. అడిగేవి కూడా దాదాపు ఇవే: ఎంతకాలం మీ కింద చేశారు, పక్కన ఎవరూ లేకుండా ఏం చేయగలరు, మళ్లీ తీసుకుంటారా. రాసిందీ చెప్పిందీ ఒకటైతే ఆయన మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు, రేపు తన దగ్గర ఖాళీ ఉంటే "మీ దగ్గర ఇంకెవరైనా ఉన్నారా" అని మీకే ఫోన్ చేస్తాడు. అలా కాక రాతలో "సొంతంగా" అని ఉండి, ఫోన్లో "అంటే సార్, పక్కన ఎవరో ఒకరు ఉండేవారు" అని నీళ్లు నమిలితే, అప్పటిదాకా మీరు రాసినవన్నీ ఆయన దృష్టిలో అలాంటివే అయిపోతాయి.

అందుకే నలుగురిలో ఇద్దరికే అన్నాను. కనీసం ఆరు నెలలు ఎవరి రికార్డులు మీ చేతుల మీదుగా వెళ్లాయో వాళ్లకే రాయండి. `Given` ట్యాబ్ తెరిచినవాడికి ఒకే నెలలో నాలుగు, నాలుగింట్లోనూ అవే విశేషణాలు కనపడితే పెళ్లి శుభలేఖలు పంచినట్టుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడాలూ వద్దు. తేదీలు కనపడతాయి కదా, మీరు సోమవారం రాసి వాళ్లు బుధవారం మీకు రాస్తే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

కాదనడం కష్టమే, రోజూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లు. ఇలా చెప్పి చూడండి: "తమ్ముడూ, నీ హెచ్‌పీఎల్‌సీ పని నేను రివ్యూ చెయ్యలేదు, రాస్తే గాలిమాటలే అవుతాయి, నీకు పనికిరావు. నీ రికార్డులు చూసినాయన్ని అడుగు. ఇంటర్వ్యూకి మాత్రం ఆదివారం గంట కూర్చుందాం, నేను ప్రశ్నలేస్తాను." రాత దొరకలేదని అలిగినవాళ్లు కూడా ఆ గంట వదులుకోరు.

రాశాక ఏదైనా తేడా వస్తే, మీ రికమండేషన్‌ని మీరే వెనక్కి తీసుకోవచ్చు, మార్చొచ్చు. అయితే మనిషి కంపెనీ మారాడనో, మాటా మాటా వచ్చిందనో తీసేయకండి. మీరు రాసిన సంగతే తప్పని తేలితే, ఉదాహరణకి ఆ నోట్‌బుక్ ఎంట్రీలు తర్వాత రాసినవని బయటపడితే, అప్పుడు తీసేయండి. తీసే ముందు వాళ్లకో ఫోన్ చేసి చెప్పండి.