సాక్షి సంతకం అని చెప్పి గ్యారంటీ మీద పెట్టించిన సంతకం చెల్లుతుందా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మమ్మకి 78 ఏళ్లు, తెలుగు తప్ప ఇంకేదీ చదవలేదు. మామయ్య రైస్ మిల్లు లోనుకి సాక్షి సంతకం అని చెప్పి గ్యారంటీ కాగితాల మీద పెట్టించాడు. ఇల్లు కూడా తాకట్టులో ఉందట. ఇప్పుడు 60 రోజుల్లో కట్టమని బ్యాంకు నోటీసు పంపింది. మోసంతో పెట్టించుకున్న సంతకం చెల్లదు కదా?

జవాబు:

దానంతట అదే చెల్లకుండా పోదండీ. మేమూ మొదట మీలాగే అనుకున్నాం. పర్లాకిమిడిలో మా పెద్దమ్మకి ఇదే జరిగింది. మొదటి మూడు వారాలూ ఆమె అల్లుడు ఎంత మోసం చేశాడో అందరికీ చెప్పుకోవడంలోనే గడిపేశాం. చివరికి బరంపురం వకీలు గారు ఒకే ప్రశ్న అడిగారు: "మోసం అల్లుడు చేశాడు, సరే. బ్యాంకుకి తెలుసా?"

అసలు చిక్కు అక్కడే. గ్యారంటీ ఒప్పందం మీ అమ్మమ్మకీ బ్యాంకుకీ మధ్య ఉంటుంది. మామయ్య అందులో అప్పు తీసుకున్నవాడు మాత్రమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 142వ సెక్షన్ ప్రకారం, అబద్ధం చెప్పి తీసుకున్న గ్యారంటీ చెల్లకపోవాలంటే ఆ అబద్ధం అప్పిచ్చినవాడే చెప్పి ఉండాలి, లేదా అతనికి తెలిసి, అతని సమ్మతితో జరిగి ఉండాలి. 143వ సెక్షన్ ముఖ్యమైన విషయాన్ని దాచిపెట్టి తీసుకున్న గ్యారంటీ గురించి చెబుతుంది. అక్కడ కూడా దాచినది అప్పిచ్చినవాడే అయి ఉండాలి. మామయ్య తనంతట తాను అబద్ధమాడి, బ్యాంకుకి ఏమీ తెలియకపోతే అమ్మమ్మ బాధ్యత అలాగే ఉండిపోతుంది. పైగా 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, ఆ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. "ముందు వాడి మిల్లు అమ్మండి" అని బ్యాంకుకి చెప్పే హక్కు మామూలుగా ఉండదు.

ఒత్తిడి సంగతీ అంతే. పెద్దనాన్న పోయాక పెద్దమ్మ అల్లుడి ఇంట్లోనే ఉండేది. పింఛను కూడా ఆమె ఏటీఎం కార్డుతో అతనే తీసేవాడు. "అత్తయ్యా, ఊరికే సాక్షి సంతకం" అంటే కాదనే పరిస్థితి ఆమెకి లేదు. 16వ సెక్షన్ చెప్పే, ఒకరి ఇష్టాన్ని శాసించగల స్థానం అంటే ఇదే. కానీ దగ్గరి బంధుత్వం, వయసు చూపించినంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు 1967లోనే సుభాస్ చంద్ర దాస్ ముషిబ్ కేసులో చెప్పింది. ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయంగా లాభం పొందారనీ చూపించాలి. మా విషయంలో లాభం అల్లుడిది, గ్యారంటీ తీసుకున్నది బ్యాంకు. అందుకే మళ్లీ అదే ప్రశ్న: బ్యాంకుకి తెలుసా?

దానికి జవాబు మాకు కాగితాల్లోనే దొరికింది. గ్యారంటీ పత్రం, శాంక్షన్ లెటర్, తాకట్టు కాగితాల నకళ్లు ఇమ్మని పెద్దమ్మ పేరుతో రాసి, బ్రాంచిలో ముద్ర వేయించుకున్నాం. నకళ్లు వచ్చాక చూస్తే అన్నీ ఇంగ్లీషు, సంతకాలు తెలుగులో. చివరి పేజీలో "నాకు తెలిసిన భాషలో చదివి వివరించారు, అర్థం చేసుకుని సంతకం చేశాను" అనే డిక్లరేషన్ ఉంది. ఏ భాషలో, ఎవరు వివరించారు అన్న గళ్లు ఖాళీ. ఆమె బ్రాంచికి వచ్చి తన ఎదుట సంతకం చేసిందని ఆఫీసరు సంతకం పెట్టాడు. కింద వేసిన తేదీ చూసి మా చెల్లి గుర్తుపట్టింది. ఆ రోజు పెద్దమ్మ శ్రీకాకుళంలో కంటి ఆపరేషన్ అయి ఆసుపత్రిలోనే ఉంది. డిశ్చార్జి కాగితంలో అదే తేదీ. నిజానికి ఆ తర్వాతి వారం, నల్ల కళ్లద్దాలతో ఇంట్లో మంచం మీద కూర్చుని ఉండగా అల్లుడు కాగితాలు తెచ్చి పెట్టించుకున్నాడు.

ఇప్పుడు వాదన మారింది. సంతకాలు తెచ్చే పని బ్యాంకు అల్లుడికే అప్పజెప్పింది, కాబట్టి అక్కడ అతను చెప్పిన మాట బ్యాంకు మనిషి చెప్పిన మాటే అని వకీలు గారు రాశారు. వివరించకుండానే వివరించామని రాసుకున్నవాళ్లు ఏమీ తెలియదని ఎలా అంటారన్నది రెండో మాట. అల్లుణ్ని ఎన్ని తిట్టినా రాని బలం ఆ ఒక్క డిశ్చార్జి కాగితంతో వచ్చింది.

మాకు ఎదురుదెబ్బ కూడా తగిలింది. రెండో ఏడాది పెద్దమ్మ, బాకీ ఇంత ఉందని ఒప్పుకునే బాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ మీద కూడా సంతకం చేసి ఉంది. ఆ సంగతి వాళ్లు చెప్పేదాకా మాకు తెలియదు. "అప్పుడు అభ్యంతరం లేదు, ఇప్పుడెందుకు?" అన్నారు. ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి ఒప్పందం సాధారణంగా మొదటినుంచే శూన్యం కాదు, మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చు. నిజం తెలిశాక కూడా ఊరుకున్నా, కొంత డబ్బు కట్టినా, కొత్త కాగితం మీద సంతకం పెట్టినా ఆ హక్కు జారిపోతుంది. రద్దు కోరడానికి నిజం తెలిసిన నాటినుంచి మూడేళ్లే గడువు. కాబట్టి "ఒక లక్ష కట్టండి, ఆపుతాం" అని బ్రాంచివాళ్లు పిలిస్తే, వకీలుని అడగకుండా అమ్మమ్మని పంపొద్దు.

మీది 60 రోజుల నోటీసు అంటున్నారు, ఇల్లు తాకట్టులో ఉంది. అది, కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద ఇచ్చినదే అయి ఉంటుంది, కాగితం మీద సెక్షన్ చూడండి. ఆ 60 రోజుల్లోగా అమ్మమ్మ పేరుతో అభ్యంతరం పంపండి. బ్యాంకు ఒప్పుకోకపోతే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. మాకు వచ్చిన జవాబు నాలుగు లైన్లు, అన్నీ తిరస్కరణలే. ఆ జవాబు మీద అప్పీలు లేదు. ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని తర్వాతి నోటీసు ఇచ్చాక, 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఒడిశాకి అది కటక్‌లో ఉంది. పలాస వెళ్లి రైలెక్కి, పెద్దమ్మని తీసుకుని మేం నాలుగుసార్లు తిరిగాం. ఊరి కోర్టులో ఇంజంక్షన్ వేద్దామని ఎవరైనా అంటే తొందరపడకండి. ఆ చట్టంలోని 34వ సెక్షన్ చాలావరకు సివిల్ కోర్టులకి అడ్డు.

అభ్యంతరంలో "మోసం చేశారు" అని ఒక్క ముక్క రాస్తే పనికిరాదు. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు, ఏ మాట చెప్పి, ఏ కాగితం మీద పెట్టించారు, అప్పుడు బ్యాంకు మనిషి ఉన్నాడా లేడా అన్నవి విడివిడిగా ఉండాలి. మోసం, ఒత్తిడి అంటే వివరాలు రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే నియమం (ఆర్డర్ 6, రూల్ 4) ఉంది. ఇవి అమ్మమ్మ తన నోటితో చెప్పాలి, రేపు బ్యాంకు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగినా చెప్పాలి. కొడుకు మీద చెప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ వెనక్కి తగ్గవచ్చు. మా పెద్దమ్మ కూడా మొదటిసారి "అల్లుడి తప్పేం లేదు" అనేసింది. ఆ విషయం ఇంట్లో ముందే తేల్చుకోండి.

మా కేసులో తీర్పు రాలేదు. ఆ తేదీ మీద ట్రిబ్యునల్ ప్రశ్నలు అడగడం మొదలయ్యాక బ్యాంకు రాజీకి వచ్చింది. అల్లుడు సిమెంటు, ఐరన్ షాపు సరుకు, ఊరి బయట స్థలం అమ్మి చాలా భాగం కట్టాడు. ఇంటి కాగితాలు వెనక్కి ఇచ్చారు, గ్యారంటీ వదిలేస్తున్నట్టు రాసిచ్చారు. అల్లుడి తరఫువాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

మీరు ఈ వారంలోనే నకళ్లు అడగండి. వచ్చాక ముందు చివరి పేజీ తేదీ చూసి, ఆ రోజు అమ్మమ్మ ఎక్కడుందో ఆసుపత్రి చీటీలు, పెళ్లి ఫొటోలు, బస్సు టికెట్లు ఏవైనా సరే వెతకండి. ఆ రోజు ఆవిడ నిజంగానే బ్రాంచికి వెళ్లి ఉంటే, ఆఫీసరు ఏ భాషలో మాట్లాడాడో, మామయ్యని బయటికి పంపి విడిగా అడిగాడో లేదో ఆవిడ మరిచిపోకముందే రాయించి పెట్టుకోండి.