టికెట్ మొత్తమా, కమిషన్ ఒక్కటేనా? అమ్ముడుపోని సీటు ఎవరిదో చూడండి

"మా అన్నయ్యకు చిన్న ట్రావెల్స్ ఉంది. ఏడాదికి రెండు కోట్ల పైనే ఫ్లైట్ టికెట్లు అమ్ముతాడు, చేతికి మిగిలేది మాత్రం ఏడెనిమిది లక్షలే. లెక్కల్లో ఆదాయం కింద టికెట్ మొత్తం రాయాలా, కమిషన్ మాత్రమే రాయాలా? ఒక్కో ఆడిటర్ ఒక్కో మాట చెప్తున్నారు."

రాజంపేటలో ఒక ట్రావెల్స్‌లో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. మాది కువైట్ టికెట్ల వ్యాపారం. ఊళ్లో ఇంటికొకరు అక్కడ ఉంటారు కాబట్టి చెన్నై నుంచి కువైట్‌కి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఏడాది పొడుగునా ఉండేవాళ్లు. ఆ అనుభవంతో చెప్తున్నాను. మీ అన్నయ్య గారు అమ్మే టికెట్లన్నీ ఒక రకం కావు. అందుకే ఇద్దరు ఆడిటర్లు రెండు మాటలు చెప్తున్నారేమో. టికెట్ అమ్ముడుపోకపోతే ఆ నష్టం ఎవరిది అన్నది చూస్తే ఏది ఏ రకమో తేలిపోతుంది.

ముందు మామూలు టికెట్ సంగతి. కస్టమర్ వచ్చి కువైట్‌కి ఫలానా తేదీకి కావాలి అంటాడు. మనలాంటి చిన్న ఏజెంట్లకు ఎయిర్‌లైన్ల టికెట్లు ఇచ్చే పెద్ద ఏజెంటు, అంటే కన్సాలిడేటర్, పోర్టల్‌లో చూసి, ఆయన డబ్బు కట్టాక టికెట్ తీస్తాం. ఆయన వద్దనుకుంటే మనం టికెట్ తీయం, మన జేబులోంచి రూపాయి పోదు. ఇక్కడ మనం ఏజెంటు మాత్రమే. ఆయన ఇచ్చిన 24,500లో 23,200 కన్సాలిడేటర్‌కి పోతుంది. మిగిలిన 1,300లో జీఎస్టీ తీసేయగా ఉన్నదే మన ఆదాయం. చిన్న వ్యాపారాలకు వర్తించే పాత అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 9 కూడా ఇదే చెప్తుంది: ఏజెన్సీ సంబంధంలో ఆదాయం అంటే కమిషనే, చేతులు మారిన మొత్తం కాదు.

మా ఓనరు గారి దగ్గర నేను చేరకముందు ఉన్నాయన అన్ని టికెట్లూ 'టికెట్ సేల్స్' అనే ఒకే లెడ్జర్‌లో పూర్తి రేటుకి రాసేవాడు. ఎందుకయ్యా అంటే బ్యాంకు లోను కోసం. చిన్న వ్యాపారాలకు టర్నోవర్‌లో 20 శాతం చొప్పున వర్కింగ్ క్యాపిటల్ ఇచ్చే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. రెండు కోట్ల నలభై లక్షలు చూపిస్తే 48 లక్షల లిమిట్ వస్తుందన్న ఆశ. నిజంగా ఏడాదికి ఏడు లక్షలు సంపాదించే షాపు 48 లక్షల అప్పుకి వడ్డీ ఎలా కడుతుంది? ఇలా సలహాలిచ్చే వాళ్లంటే నాకు ఇప్పటికీ కోపమే. పైగా నగదు వ్యాపారం కాబట్టి కోటి దాటేసరికి ట్యాక్స్ ఆడిట్ నెత్తిన పడింది. ఆ తర్వాత కడప నుంచి వచ్చిన పెద్దాయన ఒక ఆడిటర్ చెప్పిన మాట నాకు బాగా గుర్తు. గుంటూరు మిర్చి యార్డు చూశారా అన్నాడు. రైతు సరుకును రైతు పేరు మీదే అమ్మిపెట్టి కమిషన్ తీసుకునేవాడు కచ్చా అడ్తీదారు, తన పేరు మీద కొని అమ్మేవాడు పక్కా అడ్తీదారు. 1986లోనే ఆదాయపు పన్ను బోర్డు 452 నంబరు సర్క్యులర్‌లో ట్యాక్స్ ఆడిట్ కోసం మొదటివాడికి కమిషనే టర్నోవర్, రెండోవాడికి మొత్తం అమ్మకం టర్నోవర్ అని తేల్చింది. టికెట్లకూ అదే తర్కం పెట్టుకోమన్నాడు.

మరి రెండో రకం టికెట్లు? అవే మమ్మల్ని ముంచాయి.

2019 సంక్రాంతి. పండక్కి వచ్చిన వాళ్లంతా ఒకే వారంలో తిరిగి కువైట్ వెళ్లాలి, రేట్లు ఆకాశంలో ఉంటాయి. అందుకని మా ఓనరు నవంబరులోనే ఒక ఫ్లైట్‌లో 20 సీట్లు బ్లాక్ చేశాడు. దీన్ని మా లైన్లో సిరీస్ ఫేర్ అంటారు. సీటు 18,000 చొప్పున 3,60,000. సగం ముందే కట్టాలి, మిగతాది బయలుదేరే తేదీకి మూడు వారాల ముందు. అమ్ముడుపోని సీటుకి పైసా వెనక్కి రాదు. 14 సీట్లు 23,000కి అమ్ముడుపోయాయి. తర్వాత ఇంకో ఎయిర్‌లైన్ రేటు తగ్గించడంతో గిరాకీ ఆగిపోయింది. చివరి రెండు రోజుల్లో రెండు సీట్లు 15,000కి వదిలించుకున్నాం. నాలుగు ఖాళీగా ఎగిరిపోయాయి.

వీటిని కూడా మామూలు టికెట్ల లాగే కమిషన్ పద్ధతిలో రాశాం. తప్పు నాదే. ఆడిటర్ మాట విన్నాక అన్నీ కమిషన్ లెక్కే అనుకున్నాను. అమ్మిన ప్రతి సీటుకీ, అమ్మిన రేటులోంచి 18,000 తీసేసి మిగిలింది కమిషన్ అన్నాను. 14 సీట్ల మీద 70,000 లాభం, రెండింటి మీద 6,000 నష్టం. కమిషన్ లెడ్జర్‌లో 64,000 కనిపించింది. మా ఓనరు ఆ అంకె చూసి సంబరపడ్డాడు, ఫిబ్రవరిలో మే నెల సెలవులకి ఇంకో 30 సీట్లకు అడ్వాన్సు కట్టేశాడు.

ఏప్రిల్‌లో కన్సాలిడేటర్ స్టేట్‌మెంట్‌తో మా లెడ్జర్ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొడుతున్నాను. పాత అడ్వాన్సుల్లో మా దగ్గర ఇంకా 72,000 వాళ్లు ఇవ్వాల్సినట్టు ఉంది. వాళ్ల కాగితంలో సున్నా. రెండు రోజులు తలబద్దలు కొట్టుకున్నాను, ఏదో పేమెంట్ రెండుసార్లు పడిందేమో అనుకుని. చివరికి 72,000ని 18,000తో భాగిస్తే సరిగ్గా నాలుగు వచ్చింది. అప్పుడు అర్థమైంది. మేం 3,60,000 కట్టాం, అమ్మిన 16 సీట్లకి 2,88,000 మాత్రమే ఖర్చు రాసుకున్నాం. ఎగిరిపోయిన నాలుగు సీట్ల డబ్బు 'వాళ్ల దగ్గర ఉన్న అడ్వాన్సు' పేరుతో ఆస్తి లాగా కూర్చుంది.

ఓనరుకి చెప్తే, "ఏమ్మా, ఆ డబ్బు యాడికి పోతుంది, వాళ్ల కాడ్నే ఉంది కదా" అన్నాడు. ఫోన్ చేస్తే ఆ పీఎన్ఆర్ ఎప్పుడో క్లోజ్ అయిపోయింది, అందులో ఇవ్వడానికి ఏమీ లేదు అన్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

సరైన లెక్క ఇది. అమ్మకం: 14 సీట్లు 3,22,000, రెండు సీట్లు 30,000, మొత్తం 3,52,000. ఖర్చు: 20 సీట్లకీ 3,60,000. నష్టం 8,000. మేం 64,000 లాభం అనుకున్నది నిజానికి 8,000 నష్టం. అమ్మకం మొత్తం ఒకవైపు, కొన్నది మొత్తం ఒకవైపు రాసి ఉంటే జనవరిలోనే కనిపించేది, మే సీట్ల జోలికి పోయేవాళ్లం కాదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అంతర్జాతీయ అకౌంటింగ్ స్టాండర్డ్ ఐఎఫ్ఆర్ఎస్ 15లో 47వ ఉదాహరణ అచ్చంగా ఇలాంటి వ్యాపారమే: ఎయిర్‌లైన్‌తో మాట్లాడుకుని ఇన్ని టికెట్లు అని కొని, అమ్ముడుపోయినా పోకపోయినా డబ్బు కట్టాల్సిన సంస్థ. విమానం నడిపేది ఎయిర్‌లైనే అయినా, ఆ సీటులో ప్రయాణించే హక్కు కస్టమర్ కంటే ముందు ఆ సంస్థ చేతిలో ఉంది కాబట్టి పూర్తి రేటే దాని ఆదాయం అని అక్కడ తేల్చారు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: "రేటు నేనే పెడతాను, కాబట్టి నేను ఏజెంటును కాను." ఇది నేను అస్సలు ఒప్పుకోను. 2022 నవంబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే వాదన వచ్చింది. ఎయిర్‌లైన్ అడిగే నెట్ ఫేర్ మీద ఏజెంటు ఎక్కువకి అమ్మి ఉంచుకున్న తేడా ఏంటి అన్నది ప్రశ్న. అది కూడా కమిషనే, దాని మీద ఎయిర్‌లైన్ టీడీఎస్ కోయాల్సిందే అని కోర్టు చెప్పింది. రేటు మన ఇష్టం అయినంత మాత్రాన సీటు మనది అయిపోదు. సీటు మిగిలిపోతే నష్టం మనదైనప్పుడే అది మనది.

ఇంకో తలనొప్పి జీఎస్టీ. మీ అన్నయ్య గారి జీఎస్టీ రిటర్న్‌లో అంకె పుస్తకాల్లో కమిషన్‌తో కలవకపోతే టెన్షన్ పడొద్దు. ఎయిర్ టికెట్ ఏజెంట్లకు 32(3) రూల్ కింద ఒక ఆప్షన్ ఉంది. సర్వీసు విలువను దేశీయ టికెట్‌కి బేసిక్ ఫేర్‌లో 5 శాతం, విదేశీ టికెట్‌కి 10 శాతం అనుకుని దాని మీద 18 శాతం కట్టొచ్చు. పైన చెప్పిన 24,500 టికెట్‌లో బేసిక్ ఫేర్ 16,000 అనుకోండి. విలువ 1,600, పన్ను 288. అంటే మాకు వచ్చిన 1,300లోంచి 288 పోయి 1,012 మిగిలింది. వచ్చిన 1,300 మీదే కట్టే పద్ధతి అయితే పన్ను 198 మాత్రమే. మా లాంటి గల్ఫ్ టికెట్ల షాపులో కమిషన్ ఎప్పుడూ బేసిక్ ఫేర్‌లో పదో వంతు రాదు. అయినా "అందరూ అదే కడతారు" అని కన్సల్టెంట్లు కళ్లు మూసుకుని ఆ ఆప్షనే పెట్టేస్తారు. నాకు బాధ కలిగించే విషయం ఇది. కనీసం ఒక నెల టికెట్లు రెండు పద్ధతుల్లోనూ లెక్క కట్టి చూడమనండి.

ఇంకెవరైనా ఆదాయపు పన్నులో 44ఏడీ సెక్షన్ కింద టర్నోవర్‌లో 8 శాతం లాభంగా చూపించి చేతులు దులుపుకోమంటే వినొద్దు. కమిషన్ ఆదాయానికి ఆ సెక్షన్ వర్తించదు. పైగా రెండు కోట్లకి 8 శాతం అంటే 16 లక్షలు, ఆయన నిజంగా సంపాదించేదానికి రెట్టింపు.

ట్యాలీలో మేం తర్వాత ఇలా మార్చుకున్నాం. మామూలు టికెట్‌కి కస్టమర్ ఖాతా డెబిట్ చేసి, ఎదురుగా కన్సాలిడేటర్ ఖాతా, జీఎస్టీ, 'కమిషన్ ఆదాయం' మూడూ క్రెడిట్ చేయడం. సిరీస్ సీట్లకి వేరే గ్రూపు: 'సిరీస్ టికెట్ అమ్మకాలు', 'సిరీస్ సీట్ల కొనుగోలు'. ప్రతి బ్లాక్ లాభనష్టాలు విడిగా కనిపించేలా పీఎన్ఆర్ పేరుతో ఒక కాస్ట్ సెంటర్. కట్టిన డబ్బు ఫ్లైట్ వెళ్లేదాకా అడ్వాన్సుగా ఉంటుంది, వెళ్లిన రోజున అమ్మినా అమ్మకపోయినా మొత్తం ఖర్చులోకి వస్తుంది.

మీ అన్నయ్య గారిని మార్చి 31 నాటి సప్లయర్ లెడ్జర్లు ఒకసారి తీయమనండి. అడ్వాన్సు కింద ఉన్న ప్రతి మొత్తం ఎదురుగా ఫ్లైట్ తేదీ రాసుకోమనండి. తేదీ మార్చి 31 తర్వాత ఉంటే అది నిజమైన అడ్వాన్సు, రేటు పడిపోలేదా అన్నది మాత్రం చూసుకోవాలి. తేదీ దాటిపోయి ఉంటే, రిఫండ్ కాగితం చేతిలో లేకపోతే, ఆ డబ్బు ఖాళీ సీటులో కూర్చుని వెళ్లిపోయినట్టే. దాన్ని ఈ ఏడాదే నష్టంలో రాసేయమని చెప్పండి.