ప్రతి మెసేజ్‌కీ కొత్త కీ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: సిగ్నల్ యాప్‌లో మెసేజ్ మెసేజ్‌కీ కీ మారిపోతుందంటారు కదా, మరి ఆ కొత్త కీని అవతలి వాళ్ళకి ఎప్పుడు పంపుతున్నారు? దారిలో ఎవరైనా పట్టేస్తే?

కీని అసలు పంపరండీ, రెండు ఫోన్లూ ఎవరికి వాళ్ళు లెక్కేసుకుంటాయి. మొదట్లో ఇద్దరికీ CK అనే ఒకే చెయిన్ కీ ఉంటుంది, మెసేజ్ పంపే ప్రతిసారీ దాంట్లోంచి HMAC-SHA256 అనే ఒకవైపే నడిచే లెక్కతో రెండు ముక్కలు తీస్తారు: ఆ మెసేజ్ కీ MK, తర్వాతి చెయిన్ కీ CK'.

```
MK  = HMAC-SHA256(CK, 0x01)
CK' = HMAC-SHA256(CK, 0x02)
```

MKతో ఆ ఒక్క మెసేజ్‌కి తాళం వేసి దాన్ని చెరిపేస్తారు, పాత CKని కూడా చెరిపేసి CK'తో ముందుకెళ్తారు. ఇలా ముందుకే తిరిగే ఏర్పాటుని రాట్చెట్ అంటారు. ఇక్కడ వెనక్కి నడవడం కుదరదు, అంటే ఇవాళ్టి CK దొంగ చేతికి చిక్కినా నిన్నటి మెసేజ్ కీ వాడికి దొరకదు.

ఈ వెనక్కి వెళ్ళలేకపోవడం నాకు బాగా అనుభవమైంది. ఒక చిన్న చాట్ యాప్‌కి ఇది నేనే రాశాను, వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడల్లా ఒక్కో మెసేజ్ తెరుచుకునేది కాదు, మిగతావన్నీ బానే వచ్చేవి. రెండు రోజులు కీలే తేడా అనుకుని వెతికాను. తీరా చూస్తే 4వ మెసేజ్ 3వదానికంటే ముందొచ్చేస్తోంది, నా కోడ్ చెయిన్‌ని 4 దాకా తిప్పేసి 3వ కీని పారేస్తోంది, ఇక 3 వచ్చాక దాన్ని ఎవరూ తెరవలేరు. అందుకే ప్రతి మెసేజ్ హెడర్‌లో నంబర్ ఉంటుంది, మధ్యలో దాటేసిన కీలని పక్కన దాచుకోవాలి. దానికో హద్దు కూడా పెట్టాలి, లేకపోతే ఎవడైనా నంబర్ కోటి అని రాసి పంపితే ఫోన్ కోటిసార్లు లెక్కేస్తూ కూర్చుంటుంది.

సరే, CK దొంగ చేతికి పోతే పాతవి భద్రమే కానీ రాబోయేవి? రెండో రాట్చెట్ ఉన్నది దానికే. హెడర్‌లో నంబర్‌తో పాటు పంపినవాళ్ళ డిఫీ-హెల్‌మన్ పబ్లిక్ కీ కూడా వస్తుంది, ఒకరి పబ్లిక్ కీనీ ఇంకొకరి ప్రైవేట్ కీనీ కలిపితే ఇద్దరికీ ఒకే రహస్యం వచ్చే పద్ధతి ఇది. మీ ఫ్రెండ్ కొత్త పబ్లిక్ కీతో రిప్లై ఇవ్వగానే మీ ఫోన్ దాన్నీ మీ ప్రైవేట్ కీనీ కలిపి, చెయిన్‌లన్నిటికీ మూలమైన రూట్ కీని మార్చి, ఆ రిప్లైని తెరిచే చెయిన్ తయారుచేస్తుంది. తర్వాత తనకోసం ఓ కొత్త కీ జత పుట్టించుకుని మళ్ళీ కలిపి, మీరు పంపే చెయిన్‌ని కూడా కొత్తగా మొదలుపెడుతుంది.

ఇప్పుడు మీ ఫోన్‌లోని కీలన్నీ ఒకసారి కాపీ అయిపోయాయనుకోండి. ఫ్రెండ్ నుంచి వచ్చే మొదటి రిప్లైని దొంగ చదవగలడు, ఎందుకంటే మీ పాత ప్రైవేట్ కీ వాడి దగ్గరుంది. కానీ ఆ తర్వాత మీరు పంపేది చదవలేడు, కొత్త జత మీ ఫోన్‌లో అప్పుడే పుట్టింది కాబట్టి. అంటే రిప్లై రాకుండా మీరొక్కరే 50 మెసేజ్‌లు వరసగా పంపితే ఆ 50కీ వాడు కీ లెక్కేసుకోగలడు, మొదటి రాట్చెట్ ఒక్కటే తిరుగుతోంది కదా. వాడు ఫోన్‌లోనే తిష్టవేసుకుని కూర్చుంటే మాత్రం ఏ రాట్చెట్టూ ఆపలేదు, ప్రతి కొత్త కీనీ వాడు కూడా అప్పటికప్పుడే చూసేస్తాడు.