లడ్డు ఒంగోలు వెళ్ళలేదని బాబుకి వాళ్ళ నాన్నే చెప్పాలి

"మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా 11 ఏళ్ళ కుక్క లడ్డు కిడ్నీలు పాడై గత వారం చనిపోయింది. ఇక లాభం లేదంటే మావారే హాస్పిటల్లో దగ్గరుండి ఇంజెక్షన్ ఇప్పించారు. మా 6 ఏళ్ళ బాబుకి మాత్రం అత్తగారు 'లడ్డు ఒంగోలు వెళ్ళింది, తాతయ్య పొలంలో ఉంది' అని చెప్పారు. వాడు వీడియో కాల్‌లో చూపించమని రోజూ ఏడుస్తున్నాడు. లడ్డు పేరెత్తితే మావారు లేచి వెళ్ళిపోతున్నారు. బాబు చేత లడ్డుకి ఉత్తరం రాయించి, అదే రాసినట్టు మేం జవాబు రాస్తే ఊరుకుంటాడా? ఎలా రాయాలి?"

వద్దమ్మా, ఆ జవాబు రాయనే రాయకండి. ఈ రోజుకి ఊరుకుంటాడు, సంక్రాంతికి ఒంగోలు వెళ్ళగానే పొలానికి పరిగెత్తుతాడు, అప్పుడేం చూపిస్తారు? పైగా ఆ వయసు పిల్లలు ఇంట్లో ఏం జరిగినా తమ వల్లే అనుకుంటారు. తోక లాగానని కోపం వచ్చి, చెప్పకుండా వెళ్ళిపోయిందని వాడు ఈపాటికే అనుకుంటూ ఉండొచ్చు, నిజం చెప్పకపోతే ఆ అనుమానాన్ని మీరు తీర్చనూ లేరు.

నాకు బాబు కంటే మీవారి గురించే ఎక్కువ బెంగగా ఉంది. 11 ఏళ్ళంటే మీ బాబు పుట్టకముందు నుంచీ ఆయనతో ఉన్న ప్రాణి. ఆఖరి ఇంజెక్షన్‌కి సరే అన్నది ఆయన, దగ్గర నిలబడిందీ ఆయనే. అత్తగారి అబద్ధం మనవడి కోసమే అనుకుంటున్నారు మీరు, నాకైతే కొడుకు ఏడవడం చూడలేక కూడా అలా అన్నారనిపిస్తోంది. ఇప్పుడు ముగ్గురూ కలిసి ఆ బరువు మీ మీద పెట్టారు. కోడలు వెళ్ళి అత్తగారి మాట అబద్ధమని పిల్లాడికి చెబితే ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది, అది మీ పని కాదు కూడా. రాత్రి బాబు పడుకున్నాక మీవారితో, "మీకెంత కష్టంగా ఉందో తెలుసు, కానీ వాడికి మీరే చెప్పాలి" అనండి. వాళ్ళమ్మతో మాట్లాడాల్సింది కూడా ఆయనే. ఏడుపొస్తే బాబు ముందే ఏడవనివ్వండి, నాన్నకి కూడా బాధగా ఉందని వాడికి తెలియడం మంచిదే.

బడి లేని రోజు పొద్దున చెప్పండి, పడుకునే ముందు వద్దు. "నాన్నా, లడ్డు ఒంగోలు వెళ్ళలేదు. అలా చెప్పడం మా తప్పు. లడ్డు ఒంట్లో కిడ్నీలు బాగా పాడైపోయాయి, డాక్టరు ఎన్ని మందులిచ్చినా తగ్గలేదు. చనిపోయింది. ఇక తిరిగి రాదు. నువ్వు చేసిన దేనివల్లా కాదు." ఇంత చాలు. 'చనిపోయింది' అనే మాట తప్పించకండి. నిద్రపుచ్చారు అంటే రాత్రి పడుకోవడానికి భయపడతాడు. ఇంజెక్షన్ సంగతి అడిగితే, అది నయంకాని జబ్బుతో బాధపడే జంతువులకిచ్చే వేరే మందు, నీకు వేసే ఇంజెక్షన్ అది కాదు అని విడమరిచి చెప్పాలి, లేకపోతే జ్వరమొచ్చినా డాక్టరు దగ్గరికి రానంటాడు. విని వెంటనే ఆడుకోవడానికి వెళ్ళిపోవచ్చు, రేపు మళ్ళీ "ఎప్పుడొస్తుంది?" అనవచ్చు. ఈ వయసులో పూర్తిగా అర్థం కావడానికి టైం పడుతుంది, అడిగిన ప్రతిసారీ అదే జవాబు అవే మాటల్లో చెప్పండి.

లడ్డుకి రాయించే చీటీ ఆ తర్వాత, ఒకటి రెండు రోజులాగి, వాడికి ఇష్టమైతేనే. వాడు చెబుతుంటే మీవారు రాయాలి, ఒక్క ముక్క కూడా దిద్దకుండా. తెలుగులో సగం, స్కూల్ ఇంగ్లీషు ఒక ముక్క, కింద ఇంటి పిల్లల దగ్గర నేర్చుకున్న కన్నడ ఒక ముక్క వచ్చినా అలాగే ఉంచాలి. మాట రాకపోతే, "లడ్డుతో నీకేం చేయడం ఇష్టం? ఏమైనా సారీ చెప్పాలా? ఇంకేం చెప్పాలనుంది?" అని మెల్లగా అడగొచ్చు. "లడ్డూ, నా ఇడ్లీ నువ్వే తినేదానివి. ఇప్పుడు నేనే తినాలి. తోక లాగినందుకు సారీ. బాయ్" అన్నాడనుకోండి, అంతే, ఇంకేం కలపకండి. ఆ సారీ దగ్గర మాత్రం ఆగి, తోక లాగితే కిడ్నీలు పాడవవు అని ఇంకోసారి చెప్పాలి. కింద బొమ్మ వేసి పేరు వాడే రాస్తాడు. లడ్డు అస్థికలు తెచ్చుకుని ఉంటే బాల్కనీలో మొక్క నాటేటప్పుడు వాటితోపాటు చీటీని కూడా కుండీలో పెట్టండి, జిరాక్స్ ఒకటి దాచండి, తర్వాత చూడాలని అడుగుతాడు.

బాబు ఏడిస్తే భయపడకండి. కానీ వారాలు గడిచినా రాత్రిళ్ళు నిద్రపోకుండా, బడికి వెళ్ళనంటూ, నావల్లే చచ్చిపోయిందని అంటూ ఉంటే నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, తీసుకెళ్ళండి. ఈలోగా అత్తగారు కొత్త కుక్కపిల్లని తెద్దామంటారు చూడండి, దానికి మాత్రం మీరే గట్టిగా, ఇప్పుడే వద్దత్తయ్యా అని చెప్పండి. ముందు మీవారూ బాబూ కలిసి లడ్డు ఫోటోలు చూసుకోనివ్వండి.