దండలు బేగంబజార్‌లో, లైట్లు ఆన్‌లైన్‌లో

ప్రశ్న: దసరా, దీపావళి అలంకరణకు ఈసారి 4,000 రూపాయలు పక్కన పెట్టుకున్నాం. గుమ్మాలకు, బాల్కనీకి కలిపి 12 ప్లాస్టిక్ బంతిపూల దండలు, 4 సీరియల్ లైట్ల సెట్లు కావాలి. బేగంబజార్‌కు వెళ్లి తెచ్చుకుంటే లాభమా, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే లాభమా? ఎప్పుడు కొనాలి? – ఒక గృహిణి, మియాపూర్

జవాబు: రెండు వస్తువులకూ ఒకే జవాబు సరిపోదు కనుక ముందుగా దండల సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో ఇవి సాధారణంగా ప్యాకెట్ల లెక్కన, టోకు దుకాణాల్లో డజన్ల లెక్కన వస్తాయి. లెక్క కోసం, 5 అడుగుల దండలు ఐదు ఉన్న ప్యాకెట్ ఆన్‌లైన్‌లో 400 రూపాయలనీ, అలాంటివే బేగంబజార్‌లో డజను 540 రూపాయలనీ అనుకుందాం. దుకాణదారు మీకు వేరే ధర చెబితే దాన్నే ఈ లెక్కలో వేసుకోండి. దండ ఒక్కింటికి ఒకచోట 80, మరొకచోట 45 పడుతుంది. అయితే మియాపూర్ నుంచి ఎం.జి.బి.ఎస్. వరకు మెట్రోలో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లి రావడానికి సుమారు 250 రూపాయలు అవుతాయి కాబట్టి, దాన్ని దండల ధరకు కలపకుండా పోల్చడం సరికాదు.

మీకు 12 దండలు కావాలంటే ఆన్‌లైన్‌లో మూడు ప్యాకెట్లు, అంటే 1,200 రూపాయలు పెట్టాలి. బజారులో దారి ఖర్చుతో సహా 790 అవుతుంది. మిగిలేది 410 రూపాయలు. అదే 10 దండలు చాలనుకుంటే రెండు ప్యాకెట్లకు 800 అవుతుంది కనుక రెండు దారులూ దాదాపు సమానమే, పైగా మీ సగం రోజు మిగులుతుంది. 5 దండలకైతే బజారుకు వెళ్లడం నష్టమే. పక్క ఫ్లాట్ వారికి కూడా ఒక డజను తెచ్చి దారి ఖర్చు పంచుకుంటే మాత్రం ఈ లెక్క మరింతగా బజారు వైపు మొగ్గుతుంది.

ధర తక్కువగా ఉన్న దండలో పూలు కూడా తక్కువగా ఉండవచ్చు. దండను నిలువుగా వేలాడదీసి పూల మధ్య దారం కనబడుతోందేమో చూడండి, ఒక అడుగులో ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టండి, తడి చేతిరుమాలుతో ఒక పువ్వును రుద్దండి. రంగు అంటితే అది బాల్కనీలో మొదటి వానకే గోడ మీదకు దిగుతుంది. ఆన్‌లైన్‌లో ఈ పరీక్షలు చేయలేరు. అందంగా తీసిన ఫొటోను కాక, కొన్నవారు ఇంట్లో తీసి పెట్టిన ఫొటోలను చూడాలి.

లైట్ల విషయంలో నేను ఆన్‌లైన్ వైపే ఉంటాను. ట్రూప్ బజార్‌లో ధర తగ్గవచ్చు, దుకాణంలో వెలిగించి చూపిస్తారు కూడా. కానీ ఇంటికొచ్చిన మూడో రోజు సగం బల్బులు ఆరిపోతే నాలుగు సెట్లు కొన్న మనిషి కోసం తిరిగి తీసుకునే టోకు వ్యాపారి అరుదు. బిల్లు లేకుండా చెప్పిన ధర, బిల్లుతో చెప్పిన ధర వేరుగా ఉంటాయన్నదీ గుర్తుంచుకోవాలి. ఎక్కడ కొన్నా పెట్టె మీద బి.ఐ.ఎస్. గుర్తు, దాని కింద R- తో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును BIS Care యాప్‌లో వెతికితే అది ఏ తయారీదారుదో తెలుస్తుంది. పొడవు చెప్పేటప్పుడు ప్లగ్ వైపు ఖాళీ తీగను కూడా కలిపేస్తుంటారు కాబట్టి బల్బులున్న మేర ఎంతో చూసి కొనండి. ఆర్డర్ చేసేముందు ఆ వస్తువుకు రిటర్న్ ఉందా, లేక మార్చి ఇవ్వడమే ఉందా, ఎన్ని రోజుల్లోగా అన్నది చదవండి.

ఇక సమయం. వినాయక నిమజ్జనం రోజున ఊరేగింపు అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా సాగుతుంది కనుక ఆ రోజు అటు పోవద్దు. ఆ తర్వాత వచ్చే మహాలయ పక్షంలో చాలామంది కొత్త వస్తువులు కొనరు. అందుకే ఆ పదిహేను రోజుల్లో బేరానికీ, దండ విప్పి చూపించడానికీ దుకాణదారుకు తీరిక ఉంటుంది. ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెబితే వాదించకండి, అమావాస్యకు ముందు వెళ్లి ధరలు తెలుసుకుని రావడానికి ఎవరూ కాదనరు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, కాబట్టి వారం మధ్యలో, ఉదయం పదకొండు తర్వాత వెళ్లండి.

లైట్లను ఇప్పుడే కార్ట్‌లో పెట్టి నేటి ధరను కాగితం మీద రాసుకోండి; పండుగ ఆఫర్‌లో చూపే తగ్గింపు శాతాన్ని కాక ఆ రాసుకున్న ధరనే పోల్చాలి. నవరాత్రుల మొదట్లోనే తెప్పించుకుని, వచ్చిన రోజే నాలుగు సెట్లనూ గంటసేపు వెలిగించి, కంట్రోలర్ డబ్బా చేతికి వేడిగా తగులుతుంటే వెంటనే తిప్పి పంపండి. విజయదశమికీ దీపావళికీ మధ్య దాదాపు ఇరవై రోజులుంటాయి గనుక బదులు సెట్ రావడానికి ఆ గడువు చాలుతుంది.